స్వాగతం ఇంటివాళ్లే చెప్పాలి
షష్టిపూర్తి జరుపుకోబోయే కుటుంబాలకు ఒక విన్నపం



2026 ఉగాదితో మొదలయ్యేది పరాభవ నామ సంవత్సరం. 1966 ఉగాది నుంచి మరుసటి ఉగాది లోపల పుట్టినవాళ్లకు అరవై ఏళ్ల చక్రం తిరిగి తమ పుట్టిన సంవత్సరం పేరు దగ్గరికి వస్తుంది. వాళ్ల పిల్లలు ఫంక్షన్ హాలు, పంతులుగారు, వంటవాళ్లు, ఫొటోలు అన్నీ నెలల ముందే మాట్లాడుకుంటారు. వచ్చినవాళ్లకు స్వాగతం ఎవరు చెప్పాలన్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు. చివరికి ఆ పని అద్దెకు వచ్చిన యాంకర్ చేతిలో పడుతుంది.

మేము కోరేది ఒక్కటే. ఆ మైకు ఇంట్లో ఒకరు తీసుకోండి. రెండు నిమిషాలు మాట్లాడండి. పెద్దలతో మొదలుపెట్టండి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి?

యాంకర్‌కు మన చుట్టరికాలు తెలియవు. ఆయన చేతిలో ఒక చీటీ ఉంటుంది. అందులో కార్పొరేటర్ పేరు, బిల్డర్ పేరు, పెద్ద ఉద్యోగి పేరు ఉంటాయి. వాళ్లను వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టమంటాడు. ముందు వరసలో కూర్చున్న ఎనభై ఏళ్ల ముసలమ్మ ఆ రోజు పెళ్లికొడుకును కన్నతల్లి అని ఆయనకు చెప్పినవాళ్లుండరు. రాత్రి బస్సెక్కి, తెల్లారి దిగి, స్నానం చేసి నేరుగా హాలుకు వచ్చిన మేనత్తను ఎవరూ పలకరించరు. ఆమె మనకేమీ చెప్పదు. ఇంటికెళ్లాక తనవాళ్లకు చెబుతుంది.

దీనికి రెండో కొస కూడా ఉంది. కొడుకే మైకు పట్టుకుని తండ్రి జీవితమంతా పావుగంట చెబుతాడు. వెనక వరసల్లో గొణుగుడు మొదలవుతుంది, పిల్లలు కుర్చీల మధ్య పరుగెత్తుతారు, వడ్డించేవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటారు. అది స్వాగతం కాదు, సన్మాన సభ. దానికి భోజనాల తర్వాత కావలసినంత వ్యవధి ఉంటుంది.

ఎప్పుడు చెప్పాలి?

షష్టిపూర్తిలో దీనికి సరిపోయే చోటు ఒకటి ఉంది. పొద్దున హోమం జరిగేటప్పుడు దగ్గరివాళ్లే ఉంటారు. హోమం అయ్యాక కలశాల నీళ్లతో దంపతులకు అభిషేకం చేస్తారు. ఆ తర్వాత వాళ్లు తడిబట్టలు మార్చుకుని కొత్తబట్టలు కట్టుకోవడానికి లోపలికి వెళతారు. అతిథుల్లో ఎక్కువమంది వచ్చేది ఈ వేళకే. వచ్చి, ఖాళీ వేదిక చూస్తూ కూర్చుంటారు. దంపతులు తిరిగి వచ్చి పీటల మీద కూర్చోగానే, మాంగల్యధారణకు ముందు, ఆ రెండు నిమిషాలు మీవి.

ఈ సంగతి పంతులుగారితో ముందు రోజే మాట్లాడుకోవాలి. ముహూర్తం దగ్గరపడితే ఆయన ఆగలేరు, ఆగకూడదు కూడా. సన్నాయి, డోలు వాళ్లకు కూడా చెప్పి ఉంచాలి. ఏదైనా కారణంగా వేళ దాటితే మాంగల్యధారణ కానిచ్చి, ఆశీర్వచనానికి ముందు చెప్పండి. గట్టిమేళం మీద మాత్రం మాట్లాడొద్దు. ఆ మోతలో మీ మాట ఎవరికీ వినపడదు.

ఎవరు చెప్పాలి?

ఆ రోజు పీటల మీద కూర్చున్నవాళ్లు కాకుండా, వాళ్ల సంతానంలో ఒకరు. కూతురైనా, కొడుకైనా, కోడలైనా సరే. ఇద్దరు ముగ్గురు పంచుకుంటే మైకు చేతులు మారడానికే సమయం పోతుంది. చుట్టాల్లో ఎవరిని ఏమని పిలుస్తారో మైకులోనూ అలాగే పిలవండి. ఇంట్లో నానమ్మ అనేవాళ్లు వేదిక ఎక్కగానే శ్రీమతి ఫలానాగారు అంటే ఆ పెద్దావిడే అటూ ఇటూ చూస్తుంది. వియ్యాలవారి విషయంలో మాత్రం గారు తప్పకూడదు.

ఒక ఉదాహరణ

తెనాలిలో ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి ఆర్టీసీ డ్రైవరుగా పనిచేశారు. పెద్ద కూతురు, కొడుకు హైదరాబాదులో ఉంటారు. చిన్న కూతురు డల్లాస్‌లో ఉంటుంది, రాలేకపోయింది. స్వాగతం మొదట కొడుకు రాశాడు. వార్డు కౌన్సిలర్‌తో మొదలుపెట్టి, బంధువుల్లో పద్నాలుగుమంది పేర్లు రాసి, తండ్రి ఉద్యోగం గురించి ఒక పేజీ నింపాడు. ఫోన్‌లో టైమ్ పెట్టి చదివితే అయిదు నిమిషాలు దాటింది.

ఆ కాగితం నానమ్మకు చదివి వినిపించారు. ఆమె విన్నదంతా విని, మీ అమ్మ అన్నదమ్ములు ముగ్గురు కదా, ఇద్దరి పేర్లే చదివావేం అంది. పేర్ల జాబితాతో వచ్చే చిక్కు ఇదే. పద్నాలుగుమందిని తలచుకున్న పుణ్యం, ఒకరిని మరచిన పాపం ముందు నిలవదు. పైగా ఆ మూడో మామయ్యకు ఇంటితో పాత పొలం తగాదా ఉంటే, మరచిపోయారని ఎవరూ నమ్మరు.

అందుకని పేర్లన్నీ కొట్టేశారు. అందరికంటే పెద్దావిడను ఒక్కదాన్నే విడిగా పలకరించి, మిగిలినవాళ్లను వరసల ప్రకారం పిలిచారు. కౌన్సిలర్ వీధివాళ్లలో కలిశాడు. ఆయన నిజంగా వాళ్ల వీధివాడే. చదివే పని పెద్ద కూతురు తీసుకుంది. చివరికి తేలింది ఇది:

“పెద్దలందరికీ నమస్కారం. నేను ఈ ఇంటి పెద్దమ్మాయిని. మా అందరికంటే పెద్దది మా నానమ్మ, ఇదుగో ముందు వరసలో కూర్చుంది. నానమ్మా, నీ కొడుకు పెళ్లి నువ్వు రెండోసారి చూస్తున్నావు. ముందుగా నీకు దణ్ణం.

నాన్న వైపు నుంచి వచ్చిన పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలకు, అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన మామయ్యలు, పెద్దమ్మలు, పిన్నులకు స్వాగతం. మా అత్తయ్యగారికీ మామయ్యగారికీ, తమ్ముడి అత్తింటివారికీ స్వాగతం. డిపోలో నాన్నతో కలిసి పనిచేసినవాళ్లు వచ్చారు, మా వీధివాళ్లు వచ్చారు. మీరంతా మా ఇంటివాళ్లే.

నాన్న ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. సంక్రాంతికి అందరూ ఇళ్లకు చేరేవాళ్లు, నాన్న డ్యూటీలో ఉండేవారు. మిమ్మల్ని పండగలకు చేర్చిన మనిషి కోసం ఈ రోజు మీరు బస్సెక్కీ రైలెక్కీ వచ్చారు. మాకు చాలా సంతోషంగా ఉంది. డల్లాస్‌లో నిద్ర మానుకుని ఫోన్‌లో చూస్తున్న చెల్లీ, నువ్వూ ఇక్కడున్నట్టే.

ఇంకాసేపట్లో మాంగల్యధారణ. అయ్యాక అందరూ వచ్చి అక్షింతలు వేసి అమ్మానాన్నల్ని ఆశీర్వదించండి. భోజనాలు కింద హాల్లో పన్నెండున్నరకు మొదలవుతాయి. మెట్లు దిగలేని పెద్దవాళ్లు ఇక్కడే కూర్చోండి, మేమే తెచ్చి వడ్డిస్తాం. భోంచేయకుండా ఎవరూ వెళ్లకూడదు.”

నింపాదిగా చదివినా ఇది రెండు నిమిషాల్లో అయిపోతుంది. తండ్రి గొప్పవాడని ఇందులో ఒక్క మాట లేదు. ఆయన జీవితంలోంచి ఒకే సంగతి తీసుకున్నారు, అదీ వచ్చినవాళ్ల ప్రయాణానికి ముడిపడేది. టీచరు ఇంట్లో అయితే బడి సంగతి వస్తుంది, రైతు ఇంట్లో అయితే కోతల నాడు సాయం పట్టినవాళ్లు వస్తారు. ఆ సంగతి మీ ఇంటిదే అయి ఉండాలి. ఇంకో ఇంటి ఫంక్షన్‌లో చదివినా సరిపోయేలా ఉంటే దాన్ని తీసేయండి.

చనిపోయిన తాతగారి ప్రస్తావన ఇందులో లేదని గమనించే ఉంటారు. కావాలనే వదిలేశారు. ఆ మాట దగ్గర చదివేవాళ్ల గొంతు పూడుకుపోతుంది, నానమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, రెండు నిమిషాల్లో మాంగల్యధారణ ఉంది. ఆయన్ను భోజనాలయ్యాక తీరిగ్గా తలచుకోవచ్చు. తప్పదనుకుంటే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి.

మైకు దగ్గర

మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు వంచి పట్టుకోండి. స్పీకర్ పెట్టెల ముందుకు నడవకండి, మైకు కూత పెడుతుంది. ఫోన్‌లో చూసి చదవొద్దు. మధ్యలో కాల్ వస్తుంది, లేదా తెర ఆరిపోతుంది. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసుకోండి. నానమ్మను పలకరించేటప్పుడు కాగితం వదిలి ఆమె వంక చూడండి. మొదటి రెండు వాక్యాలకే తలలు మీవైపు తిరిగితే అంతా బాగున్నట్టు. చేతులు ఫోన్ల మీదికి పోతుంటే మధ్యలోది వదిలేసి భోజనాల మాటకు వెళ్లిపోండి.

కొందరు అనే మాటలు

మాకు సభాకంపం అంటారు. చూసి చదవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కూతురు గొంతు కాస్త వణికినా చుట్టాలు వింటారు. అద్దె గొంతు వణకదు, దాన్ని వినేవాళ్లూ తక్కువే.

అమెరికాలో పెరిగిన మనవలకు తెలుగు చదవడం రాదంటారు. అయితే వాళ్లకు రెండే వాక్యాలు నోటికి నేర్పించి, మిగతాది తల్లో తండ్రో చదవండి.

భర్త పోయిన ముసలమ్మను శుభకార్యంలో అందరికంటే ముందు పలకరించడమేమిటని ఇంకా కొన్నిచోట్ల వినపడుతుంది. ఈ మాట మీద మేము వెనక్కి తగ్గం. మంత్రం, హోమం పంతులుగారి పని, అందులో మనం వేలు పెట్టడం లేదు. పలకరింపు ఇంటివాళ్ల పని. కన్నతల్లిని వెనక వరసలో కూర్చోబెట్టి కొడుకు నిండు నూరేళ్లూ ఉండాలని దీవించమనడం ఏ మర్యాద?

నాయకులు నొచ్చుకుంటారనే భయం కూడా ఉంది. ఆశీర్వచనం వేళ వాళ్లను వేదిక మీదికి పిలిచి గౌరవించండి. పెద్దల తర్వాత పిలిచారని అలిగే నాయకుడు మీ ఊళ్లో ఉంటే, వచ్చే ఎన్నికల్లో ఆ సంగతి గుర్తుంచుకోండి.

మీరు చేయవలసింది

హాలు, మైకు మాట్లాడుకునే రోజే స్వాగతం మా ఇంటివాళ్లే చెబుతారని స్పష్టంగా చెప్పండి. ఎవరు చెబుతారో ఆ రోజే తేల్చుకుని పనుల జాబితాలో రాసుకోండి. ఫంక్షన్‌కు వారం ముందు రాసి, టైమ్ పెట్టి చదివి, రెండు నిమిషాలు దాటినదంతా కొట్టేయండి. తర్వాత ఇంట్లో అందరికంటే పెద్దావిడకు చదివి వినిపించండి. ఎవరు తప్పిపోయారో, ఏ వరస తారుమారైందో ఆవిడ చెబుతుంది. ఆమె సరేనన్న కాగితాన్ని రెండు ప్రతులు తీసి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని రెండోది పంతులుగారి పక్కన కూర్చునే వాళ్లకివ్వండి.

ఈ కరపత్రం చదివాక మీ బంధువుల్లో ఈ ఏడాది షష్టిపూర్తి ఉన్న ఇంటికి అందించండి.

ఇట్లు,
మీ ఫంక్షన్లకు వచ్చి అక్షింతలు వేసే మీ ఊరివాళ్లం