జవాబుగా ఒక్క అంకె చాలు

"వచ్చే వారం ఎప్పుడైనా ఓకే అండీ, సార్‌కి వీలైన టైమ్ చెప్పండి."

పోయిన అక్టోబర్‌లో నేను పంపిన మెయిల్ ఇది. ఎంత మర్యాదగా రాశానో అని నాకు నేనే మురిసిపోయా.

సార్ అంటే మా కాలేజీలో చదివిన సీనియర్. శాన్ హోసేలో ఒక చిప్ కంపెనీలో పెద్ద పోస్టులో ఉన్నారు. మా జూనియర్ల ప్రాజెక్టుకి గైడ్‌గా ఉంటారేమో అడగాలి, అంతే. పాతిక నిమిషాలు చాలు. కానీ ఆయన క్యాలెండర్ చూసేది ఆయన అసిస్టెంట్.

ఆవిడ "మంగళవారమా, బుధవారమా?" అన్నారు. "మంగళవారం" అన్నాను. "ఎన్ని గంటలకి?" "రాత్రి 9:30కి." "ఎవరి టైమ్? ఎంతసేపు?" ఆవిడ ఆఫీసుకొచ్చేసరికి నాకు రాత్రి. ఒక్కో ప్రశ్నకి ఒక్కో రోజు పోయింది. ఆరో మెయిల్ నాటికి ఆ మంగళవారం ఇంకెవరికో వెళ్లిపోయింది. సార్ నెలాఖరు దాకా టూర్‌లో ఉంటారని తెలిసింది. జూనియర్లేమో నవంబర్ 10లోగా గైడ్ పేరు ఇవ్వాలి.

అప్పుడు వెలిగింది. "ఎప్పుడైనా ఓకే" అనడం మర్యాద కాదు, నా పని ఆవిడ నెత్తిన పెట్టడం. వారం మొత్తం వెతకాలి, ఎంతసేపో ఊహించాలి, రెండు దేశాల టైమ్ లెక్కెయ్యాలి. అలాంటి మెయిల్‌ని ఎవరైనా తర్వాత చూద్దాంలే అనుకుంటారు.

రెండో మెయిల్ ఇంగ్లిష్‌లో రాశాను. తెలుగులో చెబితే ఇదీ:

"సార్‌తో 25 నిమిషాల వీడియో కాల్ కోసం. టైమ్‌లన్నీ శాన్ హోసేవి.

1. మంగళవారం, నవంబర్ 4, ఉదయం 8:30
2. బుధవారం, నవంబర్ 5, సాయంత్రం 5:30
3. గురువారం, నవంబర్ 6, ఉదయం 7:30

వీలైన దాని నంబర్ పంపితే చాలు, లింక్‌తో ఇన్వైట్ నేను పంపిస్తాను. మూడూ కుదరకపోతే, ఆ మూడు రోజుల్లో ఉదయం 7 నుంచి 9 లోపు గానీ, సాయంత్రం 5 నుంచి 7 లోపు గానీ మీకు నచ్చిన టైమ్ చెప్పేయండి, నేను ఉంటాను. శుక్రవారం, అక్టోబర్ 31 సాయంత్రం 5 దాకా ఈ మూడూ మీ కోసం ఖాళీగా ఉంచుతాను."

మూడు టైమ్‌లూ మూడు వేర్వేరు రోజులు, రెండు ఉదయం, ఒకటి సాయంత్రం. ఒకే రోజు మూడు టైమ్‌లు ఇచ్చామనుకోండి, ఆ రోజు సార్ ఊళ్లో లేకపోతే మూడూ పోయినట్టే.

అసలు ప్రాణం "కుదరకపోతే" అన్న వాక్యంలో ఉంది. అది లేకపోతే ఆవిడ "మూడూ కుదరవు" అని రాస్తారు, మనం మళ్లీ మొదటికొస్తాం. అది ఉంటే ఆవిడ కాదన్నా అదే జవాబులో టైమ్ కూడా వచ్చేస్తుంది.

టైమ్ ఆవిడ ఊరిదే రాయాలి, లెక్క మనం చేసుకోవాలి. ఇక్కడే నేను ఇంకోసారి బోల్తా పడబోయా. అక్టోబర్‌లో మన రాత్రి 10 అంటే అక్కడ ఉదయం 9:30. కానీ నవంబర్ 2న అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిగాయి. దాంతో 4వ తేదీన మన రాత్రి 10కి అక్కడ 8:30 మాత్రమే. మెయిల్ పంపే రోజు తేడాతో కాదు, మీటింగ్ జరిగే రోజు తేడాతో లెక్కెయ్యాలి. తేదీ కూడా మారుతుంది: వాళ్ల బుధవారం సాయంత్రం 5:30 అంటే మనకి గురువారం పొద్దున 7.

ఇంకోటి. మెయిల్ పంపకముందే జూనియర్లు నలుగురినీ అడిగి, ఆ మూడు టైమ్‌లనీ నా క్యాలెండర్‌లో బ్లాక్ చేశా. ఆవిడ ఎంచుకున్నాక "సారీ, మావాడికి ల్యాబ్ ఉందట" అంటే ఇంకో మెయిల్ రాయడానికి మొహం చెల్లదు. గడువు పెట్టిందీ అందుకే, అది దాటితే ఆ టైమ్‌లు మళ్లీ మనవి. ఒకవేళ అవతలి వాళ్లే బుకింగ్ లింక్ ఇస్తే మాత్రం ఇదంతా వద్దు, నేరుగా అందులోనే బుక్ చేసుకోండి.

మర్నాడు పొద్దున ఫోన్ చూస్తే ఆవిడ జవాబు ఉంది. హలో లేదు, థ్యాంక్స్ లేదు. "2" అని ఒక్క అంకె.

పది నిమిషాల్లో ఇన్వైట్ పంపేశా. ఆ గురువారం పొద్దున 7కి నలుగురు జూనియర్లూ తడి జుట్టుతో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. 7:25కి గైడ్ పేరు రాసే గడి నిండింది.