మొదటి మాట ఎదురుగా ఉన్నదాంట్లోంచే

పెద్దలు బయోడేటాలు చూసుకున్నాక, అబ్బాయీ అమ్మాయీ బయట ఎక్కడైనా ఒక గంట మాట్లాడుకోవడానికి నంద్యాల, ఆళ్లగడ్డల్లో కూడా కొన్ని ఇళ్లు ఒప్పుకుంటున్నాయి. మంచిదే. కానీ ఆ గంట మొదలయ్యేది చాలాసార్లు "బీటెక్ ఎక్కడ చేశారు? హైదరాబాద్‌లో ఎన్నేళ్లు?" అంటూనే. ఇవన్నీ బయోడేటాలో ఉన్నవే. వాటికి ఎవరైనా కంఠస్థం చేసిన జవాబే చెబుతారు. "మీ నవ్వు చాలా బాగుంది" అనేదీ అంతే. ఎవరితోనైనా అనగలిగిన మాట అది, వినేవాళ్లకు ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

ఆళ్లగడ్డ అబ్బాయి, నంద్యాల అమ్మాయి ఒక బేకరీలో కలిశారనుకుందాం. చిన్న ఊరు, ఎవరో ఒకరు తెలిసినవాళ్లు తగులుతారు. కాబట్టి మొదటి మాట కూర్చునే చోటు గురించే ఉండాలంటాను. "ఈడ కూర్చుంటే రోడ్డు మీదికి కనబడతాం. మీకు ఇబ్బందైతే లోపలికి పోదామా?" ఆమె ఎటు కూర్చోవాలో ఆమే చెబుతుంది. సగం బెరుకు అక్కడే పోతుంది.

తర్వాత ప్రశ్న వేయకుండా తన సంగతి ఒకటి చెప్పాలి. "మా ఇంటి పక్కన శిల్పులు రాయి చెక్కుతారు. పొద్దున ఉలి చప్పుడు లేకపోతే ఆ రోజు పండగని గుర్తు మాకు." అని ఆగాలి. ఆ ఆగడమే కష్టం, చాలామంది కంగారుపడి ఇంకో ప్రశ్న వేసేస్తారు. ఆగితే ఆమె, "మాది స్టేషన్ పక్కన. రాత్రి రైలు రాకుంటేనే నాకు మెలకువొస్తుంది" అనొచ్చు. ఇప్పుడు "మీ హాబీలేంటి?" అంటే దారం తెగిపోయినట్టే. "రాకుంటేనా? మరి వేరే ఊరికి పోతే నిద్రెట్లా?" అంటే ఆమె చెప్పింది విన్నాడని ఆమెకు తెలుస్తుంది. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: ఎదుటివాళ్ల జవాబును పట్టుకుని మరో ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువ నచ్చుతారు.

సంక్రాంతి తర్వాతైతే అహోబిలం పారువేట ఉండనే ఉంది. నరసింహస్వామి తన పెళ్లికి రమ్మని ఊరూరా తిరిగి పిలిచే ఉత్సవం. "మా ఊరికి స్వామి వచ్చినప్పుడు మా అవ్వ ఇల్లంతా అలికేది" అంటే అవతల నుంచి కూడా ఒక అవ్వ కథ రావొచ్చు. భక్తి ఎంతుందని మాత్రం అడగకూడదు, అది మళ్లీ పరీక్షే.

చెప్పినదానికి రెండుసార్లు "ఓహో" మాత్రమే వస్తే ఆ సంగతి వదిలేయాలి. అదే పట్టుకుని సాగదీయడం ఎదుటివాళ్లకు శిక్ష. మూడు ప్రశ్నలు అడిగినా ఆమె ఒక్కటీ తిరిగి అడగలేదంటే, మాట్లాడటం లేదు, జవాబులు చెబుతోందన్నమాట.

పెళ్లయ్యాక ఉద్యోగం చేయనిస్తారా, ఏ ఊళ్లో కాపురం అన్నవి తప్పక అడగాలి, ముఖ్యంగా అమ్మాయిలు. ఆ గంట చివర్లో, కాఫీ అయిపోయాక, సూటిగా.