‘ఉచిత’ స్పిన్‌కు మనం చెల్లించే మూల్యం

ఇటీవల ఆత్మకూర్ (ఎస్)లో తెలిసినవారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక యువకుడు తన ఫోను నా ముందుంచాడు. వెయ్యి రూపాయలు జమచేస్తే మరో వెయ్యి బోనస్, యాభై ఉచిత స్పిన్లు, ఓడిన సొమ్ములో పదిశాతం క్యాష్‌బ్యాక్ అని దాని మీద రాసి ఉంది. “ఊరికే ఇస్తున్నారు కదా సార్, తీసుకొని ఊరుకుంటే నష్టమేమిటి?” అని అడిగాడు. ప్రశ్న సహేతుకమే. జూదం పాపమని ఉపన్యసిస్తే అతడు వినడు. అందుచేత కాగితం తెప్పించి లెక్క వేశాము.

ఆ ప్రకటన అడుగున చిన్న అక్షరాలలో ఒక నిబంధన ఉంది. బోనస్ సొమ్ముకు ముప్పై రెట్లు పందెం కాస్తే గాని డబ్బు వెనక్కు తీసుకోవడానికి వీలులేదు. అంటే ముప్పై వేల రూపాయల పందేలు. ఆట నూటికి తొంభైఆరు రూపాయలు తిరిగి ఇస్తుందని నిర్వాహకులే చెప్పుకుంటున్నారు. ఆ మాట నిజమే అనుకున్నా, ప్రతి వంద రూపాయల పందెంలో సగటున నాలుగు రూపాయలు పోతాయి. ముప్పై వేలూ పూర్తిచేసేసరికి సగటు నష్టం 1,200 రూపాయలు. వచ్చిన బోనస్ వెయ్యి. బహుమతి పోగా సొంత సొమ్ములో మరో రెండు వందలు పోతాయి. చాలామంది అంత దూరం వెళ్ళకముందే సున్నాకు చేరతారు. అదృష్టం కలిసివచ్చి ఎవరో ఒకరు గెలవవచ్చు. కాని ఆ ఒక్కరిని చూసి మనం మన లెక్క వేసుకోకూడదు.

ఉచిత స్పిన్ల సంగతీ అంతే. రెండేసి రూపాయల విలువగల యాభై స్పిన్లలో సగటున 96 రూపాయలు వస్తాయి. దానికీ ముప్పై రెట్లు, అంటే 2,880 రూపాయల పందెం కాయాలి. అందులో నూటికి నాలుగు చొప్పున 115 రూపాయలు పోవాలి. ఆ 96 రూపాయలూ చేతికి రాకముందే కరిగిపోతాయి.

క్యాష్‌బ్యాక్ ఇంకా కపటమైనది. వారంలో ఐదువేలు ఓడినవానికి ఐదు వందలు తిరిగి ఇస్తారు. అతడు ఐదు వందలు వచ్చాయని సంతోషిస్తాడు. నాలుగువేల ఐదు వందలు పోయాయని గుర్తించడు. ఎక్కువ ఓడినవానికే ఎక్కువ గౌరవం దక్కే పథకం ఇది. మద్యం దుకాణంవాడు ఎక్కువ తాగినవానికి ఒక సీసా ఊరికే ఇచ్చినట్లుంది.

ఒక వైద్యునిగా నన్ను కలవరపెట్టేది డబ్బు లెక్క ఒక్కటే కాదు. బహుమతి ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు మనిషి మరింత పట్టుదలతో ప్రయత్నిస్తూనే ఉంటాడు. ఇది మనస్తత్వ శాస్త్రం ఏనాడో నిరూపించిన సంగతి. ఉచిత స్పిన్ ఆ అలవాటుకు వేసే తొలి మెట్టు. జూదపు వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో రుగ్మతగానే చేర్చింది. పోయినది రాబట్టాలని మళ్ళీ ఆడటం, ఇంట్లో దాచడం, అప్పు చేయడం, ఆపితే చిరాకు, నిద్రలేమి దాని లక్షణాలు. అటువంటి రోగికి క్యాష్‌బ్యాక్ చికిత్స కాదు, రోగాన్ని పెంచే మోతాదు.

న్యాయస్థానానికి పోవచ్చుగా అంటారేమో. తెలంగాణ 2017లోనే పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా అటువంటి ఆటలను నిషేధించే చట్టం చేసింది. చట్టానికి వెలుపల ఉన్నవాడు ఇచ్చిన మాట తప్పితే మనం ఏ గడప ఎక్కుతాము? పై లెక్కలోని తొంభైఆరు రూపాయలకు కూడా హామీ ఇచ్చేవారు లేరు.

అలాగని ప్రతి క్యాష్‌బ్యాకూ మోసమనను. మీరు ఎలాగూ కొనబోయే మూడువేల రూపాయల కిరాణాకు ఒక శాతం తగ్గితే ముప్పై రూపాయలు నిజంగానే మిగులుతాయి. ఆ ముప్పై కోసం అవసరంలేని రెండు వందల సరుకు కొంటే, నూట డెబ్బై మీరే ఇచ్చుకున్నట్లు. ఏ పథకాన్నయినా మూడు ప్రశ్నలతో పరీక్షించండి: ఈ బహుమతి లేకపోయినా ఈ ఖర్చు చేసేవాడినా? అది నగదుగా చేతికి రావాలంటే ఇంకెంత ఖర్చుపెట్టాలి? నేను నష్టపోతేనే ఇది నాకు దక్కుతుందా? మొదటిదానికి ‘కాదు’ అని గాని, మూడవదానికి ‘అవును’ అని గాని సమాధానం వస్తే దాన్ని తాకకండి.

ఆ యువకుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాప్ తీసివేశాడో లేదో నాకు తెలియదు. ఇప్పటికే ఆ ఊబిలో దిగినవారు సిగ్గుపడి దాచవద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అక్కడ మాట్లాడటానికి ఏ జమా అక్కరలేదు. నిజంగా ఉచితమైనది అదొక్కటే.