కొత్త లేని బిడ్డను చూసి చప్పట్లు కొట్టకండి



పోయిన ఆదివారం కమిటీ మీటింగులో నాలుగో అంశంగా ఒక మాట వచ్చింది. ఈ ఏడు మనవాళ్లలో రెండు ఇళ్లల్లో బిడ్డలను దత్తత తీసుకున్నారు కాబట్టి, ఉగాది నాడు కల్యాణ మండపంలో ఆ దంపతులను బిడ్డలతో సహా స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పాలి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి అని. నేనొక్కడినే వద్దన్నాను. "ఈయనకు మంచి పని కూడా కిట్టదు" అని వెనక బెంచీలోంచి ఒకరన్నారు. అక్కడ అరుచుకోవడం ఇష్టం లేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇలాంటి మర్యాద ఒకటి మూడేళ్ల కింద మా ఇంట్లోనే జరిగింది. జరిపించినవాళ్లలో నేనూ ఉన్నాను. మా చెల్లెలి కూతురు, అల్లుడు కోయంబత్తూరులో ఉంటారు. కారాలో పేరు నమోదు చేసుకుని ఏళ్లు కాచుకున్న తరువాత రెండేళ్ల నాలుగు నెలల ఆడబిడ్డ వాళ్ల ఇంటికి వచ్చింది. తొమ్మిదో రోజు హాలు పట్టి విందు పెట్టాము. రెండువందల మంది వచ్చారు. బిడ్డ ఒక ఒడిలోంచి ఇంకో ఒడికి పోయింది, ఎవరు చేయి చాపినా నవ్వింది, ఎవరు పెట్టినా తినింది, ఒక్కసారి ఏడవలేదు. "ఎంత మంచి బిడ్డ, కొంచెం కూడా కొత్త లేదు" అని అందరమూ మెచ్చుకున్నాము. నేను గట్టిగానే మెచ్చుకున్నాను.

ఆ రాత్రి పక్క దులిపితే దిండు కింద మూడు లడ్లు, సగం కొరికిన వడ దొరికాయి.

కొత్త అనేది ఏమిటో ముందు చూద్దాము. మన ఇళ్లల్లో పుట్టిన బిడ్డ ఏడెనిమిది నెలలప్పుడు తెలియని మొహం చూస్తే ఏడ్చి తల్లి భుజం మీద మొహం దాచుకుంటుంది. నేను చదివింది తమిళ మీడియం, మాకు దీన్ని వేట్రుముగం అంటారు. ఇది బిడ్డకున్న లోపం కాదు. "ఈమె నా మనిషి, వీళ్లు కాదు" అని లెక్క తెలిసింది అనడానికి గుర్తు. రెండేళ్లు దాటిన బిడ్డ తొమ్మిది రోజుల్లో రెండువందల మందికీ ఒకే నవ్వు నవ్విందంటే, ఆ లెక్క ఇంకా మొదలే కాలేదని అర్థం. అందరి దగ్గరికీ పోతోందంటే తనకంటూ ఎవరూ లేరని.

ఎందుకలా అవుతుందంటే, హోములో ఆయాలు షిఫ్టు డ్యూటీ చేస్తారు. నేను రైల్వేలో డ్యూటీ చార్టులు రాసినవాడిని, షిఫ్టు అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కరలేదు. పొద్దున పాలు పట్టిన చేయి వేరు, రాత్రి జోకొట్టే చేయి వేరు, వచ్చే నెల ఆ ఇద్దరూ ఉండరు. ఒక ఆయాకు అంతమంది పిల్లలుంటే ఏడ్చిన ప్రతిసారీ ఎవరో రావడం కుదరదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు. బిడ్డ మాత్రం రెండు పాఠాలు నేర్చుకుంటుంది. ఏడ్చి లాభం లేదు, ఎవరు కనిపిస్తే వాళ్లను నవ్వించి పని జరుపుకోవాలి. కొందరు మొదటి పాఠమే పట్టుకుని దెబ్బ తగిలినా ఎవరి దగ్గరికీ రారు. కొందరు రెండోది పట్టుకుని ఎవరి వెంటైనా పోతారు. మా ఇంటి బిడ్డకు రెండూ ఉండినాయి. వచ్చిన రెండో వారం మెట్ల మీద పడి మోకాలు చీరుకుంది, నెత్తురు కారుతోంది. తల్లి నాలుగు అడుగుల దూరంలోనే ఉంది. ఆమె వైపు చూడనే లేదు, గోడ దిక్కు తిరిగి కూర్చుంది. దానికీ "ధైర్యం గల పిల్ల" అన్నాము.

రెండో నెలలో ఉళవర్ సందలో తల్లి కూరగాయలు తూకం వేయిస్తుండగా ఎవరో ముక్కు మొహం తెలియని ఆమె వేలు పట్టుకుని బస్సు స్టాపు దాకా పోయింది. ఆ ఆమె మంచిది కాబట్టి వెనక్కు తెచ్చి ఇచ్చింది. అప్పుడు మా మేనకోడలు ఫోనులో అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "మామా, నేను దానికి ఏమవుతాను?"

తరువాత పిల్లల మనోవైద్యుడి దగ్గరికి పోయారు. ఆయన ముందు చెవి పరీక్ష చేయించమన్నాడు, ఎదుగుదల చూశాడు. చెవుడు, ఆటిజం లాంటివి కూడా పైకి ఇలాగే కనిపించవచ్చట. అవి లేవని తేల్చుకుని అప్పుడు చెప్పాడు, బిడ్డకు మందు లేదు, ఇంటికే మందు అని. అన్నం పెట్టడం, నీళ్లు పోయడం, నిద్రపుచ్చడం, దెబ్బ తగిలితే ఎత్తుకోవడం, ఈ నాలుగూ తల్లీ తండ్రీ ఇద్దరే చేయాలి. వేరే ఎవ్వరూ చేయకూడదు. ఎన్నాళ్లు అంటే, నెలలు.

మా అల్లుడి తల్లికి ఇది పెద్ద అవమానంగా తోచింది. "నా మనవరాలికి నేను ముద్ద పెట్టకూడదా?" అని రెండు రోజులు అన్నం మానేసింది. మన సంఘంలో కూడా నా మీద పడేవాళ్లు ఇదే మాట అంటారని తెలుసు: మనది ఉమ్మడి బతుకు, బిడ్డ పదిమంది చేతుల్లో పెరగాలి, ఈ దొరల పద్ధతులు మనకెందుకు అని. అయ్యా, ఇంట్లో పుట్టిన బిడ్డకు ముందు తల్లి దొరికింది, ఆ పైన పదిమంది వచ్చారు. ఈ బిడ్డ పుట్టినప్పటినుంచీ పదిమంది చేతుల్లోనే ఉంది, దానికి దొరకనిది ఆ ఒక్కరే. ఆ ఒక్కరు కుదిరినాక పదిమందీ రావచ్చు. వరస మారిస్తే పని చెడుతుంది.

చివరికి అవ్వ దారికి వచ్చింది. వంటంతా ఆమె చేసింది, పెట్టడం తల్లి పెట్టింది. బిడ్డ అవ్వ ఒడిలోకి ఎగబాకితే ఆమె తల నిమిరి, "అమ్మను అడుగు పో" అని తిప్పి పంపేది. ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా అదే చట్టం: పలకరించండి, నవ్వండి, ఎత్తుకోకండి, తినడానికి చేతికి ఇవ్వకండి, తల్లికి ఇవ్వండి. నేను తెచ్చిన చిక్కీ పొట్లాం కూడా అలాగే పోయింది. నాకు కొంచెం కష్టమే అయింది, అబద్ధం చెప్పను.

దాచుకునే తిండి సంగతి. మొదట దొంగతనమని తిట్టారు, బిడ్డ ఇంకా లోతుగా దాచింది. డాక్టరు మాట విన్నాక, దానికి అందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి అందులో ఎప్పుడూ ఒక అరటిపండు, నాలుగు బిస్కట్లు ఉంచారు. అది నీది, ఎప్పుడైనా తీసుకో అన్నారు. మొదటి వారం రోజుకు మూడుసార్లు ఖాళీ చేసింది, ప్రతిసారీ నింపారు. నెల దాటేసరికి అరటిపండు డబ్బాలోనే నల్లబడటం మొదలైంది.

దెబ్బ తగిలి గోడ దిక్కు తిరిగితే తల్లి పోయి పక్కన కూర్చునేది. "కాలు నొప్పిగా ఉంది కదా, అమ్మ ఇక్కడే ఉంది" అని బిడ్డ అడగాల్సిన మాట తనే అనేది. ఏడవనందుకు మెచ్చుకోవడం మానేశారు. అల్లరి చేస్తే గదిలో ఒంటరిగా కూర్చోబెట్టడం లేదు, పక్కనే కూర్చోబెట్టుకోవడమే. ఆఫీసుకు పోయేటప్పుడు బిడ్డ ఏడుస్తుందని వెనక గుమ్మంలోంచి జారుకోవడం మన ఇళ్లల్లో అలవాటు. అది కూడా ఆపారు. చెప్పి పోవాలి, చెప్పిన వేళకు రావాలి. ఇక నవ్వులాటకైనా "మాట వినకపోతే వెనక్కు పంపేస్తా" అన్న మాట ఆ ఇంట్లో వినపడకూడదు. మన పిల్లలకు అది బెదిరింపు, ఆ బిడ్డకు జరిగిన కథ.

పేరు కూడా అంతే. వచ్చిన రోజే పాత పేరు తీసి కొత్తది పెట్టారు, పిలిస్తే తిరిగి చూడటం లేదని దిగులుపడ్డారు. రెండు పేర్లూ కలిపి పిలవడం మొదలుపెట్టినాక తిరిగింది. హోము నుంచి వచ్చినప్పుడు వేసుకున్న గౌను పాతదని అవ్వ పారేసింది. దాన్ని ఉతకకుండా పక్కలో ఉంచి ఉండాల్సిందట. దానికి తెలిసిన వాసన అదొక్కటే.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. నాలుగో నెలలో బిడ్డ 'చెడిపోయింది'. పక్కింటామె ఎత్తుకుంటే గుక్క పట్టి ఏడ్చింది. తల్లి బాత్రూముకు పోయినా తలుపు కొట్టింది. బయట నిమ్మళంగా ఉండి, ఇంట్లో తల్లినే కొరికింది, గిల్లింది. "వచ్చినప్పుడు బంగారంలా ఉండింది, మీరే గారాబం చేసి పాడు చేశారు" అని చుట్టాలందరూ ఒకే గొంతుతో అన్నారు. డాక్టరు ఒక్కడే సంతోషపడ్డాడు. ఏడుపు చూపించడానికి ఒక మనిషి దొరికింది, ఆ మనిషి పోతుందేమోనని భయం పుట్టింది. మనం మెచ్చుకున్నది జబ్బును, తిట్టింది కుదురుకోవడాన్ని. ఏడో నెలలో తలుపు సందులో వేలు నలిగినప్పుడు గదులు రెండు దాటి తల్లి దగ్గరికి పరుగెత్తి వచ్చింది. ఆ రోజు నాకు ఫోను వచ్చింది, రెండు వైపులా మాట లేదు.

అంతా తీరిపోయిందని చెప్పను. ముక్కు మొహం తెలియని వాళ్ల దగ్గరికి పోవడం ఇప్పటికీ కొంత ఉంది, బజారులో చేయి వదలరు. రుమేనియాలో బుకారెస్టు అనాథాశ్రమాల నుంచి 136 మంది పసిపిల్లలను తీసుకుని, సగం మందిని పెంపుడు ఇళ్లకు పంపి ఏళ్ల తరబడి గమనించారు. రెండేళ్ల లోపు ఇల్లు దొరికినవాళ్లు బాగా అతుక్కున్నారు. ముడుచుకుపోయే గుణం తొందరగా తగ్గింది, అందరి వెంట పోయే గుణం మొండిగా నిలిచింది. కాబట్టి నెలలు గడిచినా ఏ మార్పూ లేకపోతే, బిడ్డ తననో ఇతరులనో గాయపరుస్తుంటే, పిల్లల మనోవైద్యులున్న చోటికి పోవాలి. కర్ణాటక వాళ్లకు బెంగళూరు నిమ్హాన్స్ ఉంది. ఎవరో చెప్పారని బిడ్డను బలవంతంగా అదిమి పట్టుకుని ఏడుపు రప్పించే వైద్యం మాత్రం వద్దు. అమెరికాలో 2000లో అలాంటి చికిత్స పేరుతో పదేళ్ల పిల్ల ఊపిరాడక చనిపోయింది.

ఇంకొకటి. దత్తత ఇచ్చిన సంస్థ సోషల్ వర్కరు రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి చూడటానికి వస్తారు. మనవాళ్లు ఆ రోజు ఇల్లు కడిగి, బిడ్డకు పట్టు పావడా కట్టి, "ఏ ఇబ్బందీ లేదు" అంటారు, బిడ్డను తీసుకుపోతారేమోనని భయం. ఇబ్బంది చెప్పుకోవడానికే ఆ రాక. కౌన్సెలింగు అడగండి.

సెలవు గురించీ ఒక మాట, నా సెక్షను కాబట్టి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి 180 రోజుల దత్తత సెలవు ఏడాది లోపు బిడ్డకే వస్తుంది. పెద్ద బిడ్డ వస్తే, కొత్త ఇల్లు అర్థం కావడానికి ఎక్కువ కాలం కావలసిన బిడ్డకు, ఆ సెలవు లేదు. అలాంటివాళ్లు చైల్డ్ కేర్ లీవు వాడుకోవాలి, దత్తత బిడ్డకు కూడా అది వర్తిస్తుంది.

దత్తత అంటే దాచుకునే పని కాదు, నలుగురిలో గౌరవిస్తేనే పాత సిగ్గు పోతుంది అని మన కోశాధికారి గారు అన్నారు. ఒప్పుకుంటాను. తల్లిదండ్రులకు వచ్చే ఏడు శాలువా కప్పండి, బిడ్డ లేకుండా. ఈ ఉగాదికి ఒక ఇంట్లో బిడ్డ వచ్చి ఐదు వారాలు, ఇంకో ఇంట్లో మూడు నెలలు. మైకు, డోలు, మూడువందల ఒడులు వాళ్లకు వద్దు.

నిజంగా ఏదైనా చేయాలని ఉంటే, ఆ రెండు ఇళ్లకు రోజుకొకరు సాయంత్రం టిఫిన్ క్యారియర్ తీసుకుపోయి, గుమ్మం దగ్గర తల్లి చేతికి ఇచ్చి, లోపలికి పోకుండా తిరిగి రావాలి. ఆరు వారాలకు మనుషులు కావాలి. పేర్లు నాకు పంపండి, చార్టు నేను వేస్తాను. మంగళవారం, శుక్రవారం మా ఇంటివి.