పీడీఎఫ్ మారిస్తే పన్ను మారదు మహాప్రభో!

మన ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. సప్లయర్ పంపిన బిల్లులో మన జీఎస్టీ నంబరు తప్పు పడిందనుకోండి, అకౌంట్స్ వాళ్ళు "రివైజ్డ్ ఇన్వాయిస్ పంపండి" అని ఓ మెయిల్ కొడతారు. అరగంటలో కొత్త పీడీఎఫ్ వస్తుంది. అదే బిల్లు నంబరు, అదే తేదీ, మన జీఎస్టీ నంబరొక్కటే మారుంటుంది. హమ్మయ్య, పనైపోయిందని ఫైల్ మూసేస్తారు. నన్నడిగితే ఆ పీడీఎఫ్‌కి చిత్తుకాగితం పాటి విలువ కూడా లేదు.

మా ఆఫీసులో జరిగిందే చెప్తాను. హైదరాబాద్ ఆఫీసు ఆరు లాప్‌టాప్‌లు కొంది. ఒక్కోటి 70,000, మొత్తం 4,20,000. సప్లయర్‌ది కూడా హైదరాబాదే. కానీ బిల్లు మా బెంగుళూరు బ్రాంచి నంబరు మీద కొట్టాడు. అంటే 36తో మొదలవ్వాల్సింది 29తో మొదలైంది. పాన్ ఒకటే కాబట్టి మధ్యలో పది అక్షరాలూ అవే, పైపైన చూస్తే ఎవరికీ తేడా తెలీదు. బిల్లు కర్ణాటకకి వెళ్ళినట్టు లెక్క కాబట్టి 18 శాతం చొప్పున 75,600 ఐజీఎస్టీ వేశాడు. సరైన బిల్లులో అయితే సీజీఎస్టీ 37,800, ఎస్‌జీఎస్టీ 37,800 ఉండాలి. అంటే తప్పు ఒక్క నంబరుతో ఆగలేదు, పన్ను జాతే మారిపోయింది.

"కంపెనీ ఒకటేగా, బెంగుళూరు వాళ్ళు క్రెడిట్ తీసేసుకుంటే పోలా?" అన్నాడొక మేనేజరు. పోదు సార్. ఒకే కంపెనీ అయినా రాష్ట్రానికో రిజిస్ట్రేషన్ ఉంటే జీఎస్టీ చట్టం దృష్టిలో ఎవరికి వారే వేరు. ఆర్డరిచ్చిందీ, సరుకు అందుకున్నదీ హైదరాబాద్. బెంగుళూరు ఖాతాలో పడ్డ క్రెడిట్ అక్కణ్ణుంచి ఇటు దొర్లిరాదు.

ఇప్పుడు ఆ పీడీఎఫ్ ఎందుకు పనికిరాదో చూద్దాం. మన క్రెడిట్ మన చేతిలో ఉన్న కాగితం నుంచి పుట్టదు. సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో బిల్లు చూపించాలి, అది మన జీఎస్టీఆర్-2బిలో కనబడాలి. 2022 జనవరి 1 నుంచి ఇది చట్టంలోనే ఉన్న షరతు. డేటాబేస్‌లో రో అలాగే ఉంచి స్క్రీన్‌షాట్‌ని ఎడిట్ చేసి "బగ్ ఫిక్స్ చేశాం" అంటే మనం ఒప్పుకుంటామా? ఇదీ అంతే.

పైగా సప్లయర్ ఈ-ఇన్వాయిస్ ఇచ్చేవాడైతే (టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్ళు ఇవ్వాల్సిందే) దొంగతనం అక్కడికక్కడే దొరికిపోతుంది. బిల్లు మీది క్యూఆర్ కోడ్‌లో కొనుగోలుదారు జీఎస్టీ నంబరు కూడా ఉంటుంది. పైన 36 అని దిద్దినా, స్కాన్ చేస్తే పాత 29 పలుకుతుంది. మాకొచ్చిన పీడీఎఫ్‌లో జరిగింది అచ్చంగా ఇదే.

మరి ఏమడగాలి? ఈ-ఇన్వాయిస్ అయితే 24 గంటల్లోపు రద్దు చేసి, వేరే నంబరుతో కొత్త బిల్లు ఇమ్మనాలి. ఆ గడువు దాటితే పోర్టల్లో రద్దు కుదరదు. అప్పుడు పాత బిల్లు మొత్తానికీ బెంగుళూరు నంబరు మీదే క్రెడిట్ నోట్, హైదరాబాద్ నంబరు మీద కొత్త బిల్లు, రెండూ కావాలి. రెండూ సప్లయర్ జీఎస్టీఆర్-1లో ఎక్కాలి. బెంగుళూరు వాళ్ళు ఈలోపు పాత బిల్లు మీద క్రెడిట్ వాడేసుకుని ఉంటే వెనక్కి తిప్పాలి. సప్లయర్ "చేశాం" అన్నాడని కాదు, కొత్త బిల్లు మన 2బిలో కనబడ్డాకే ఫైల్ మూయాలి. మామూలుగా అది ప్రతి నెలా 14న తయారవుతుంది.

ఇందులో నిదానంగా చేద్దాంలే అనేది లేదు. ఒక ఆర్థిక సంవత్సరపు బిల్లు మీద క్రెడిట్ తీసుకోవడానికి ఆ తర్వాతొచ్చే నవంబర్ 30 వరకే గడువు, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే అప్పటితోనే సరి. ఆ తర్వాత సప్లయర్ ఎంత మంచివాడైనా 75,600 గోవిందా.

అకౌంట్స్ వాళ్ళని అనేసి మనం చేతులు దులుపుకుంటే కుదరదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసేది మనవాళ్ళేగా! నంబరు 15 అక్షరాలుందా, చివరి చెక్ డిజిట్ సరిపోయిందా అని చూసి పచ్చ టిక్కు పెట్టేస్తాం. 29 నంబరు కూడా ఆ పరీక్ష దర్జాగా పాసవుతుంది, ఎందుకంటే అది నిఖార్సయిన నంబరే, కాకపోతే మనకి కావల్సింది కాదు. డెలివరీ చిరునామా రాష్ట్రానికీ నంబరులోని మొదటి రెండంకెలకీ పొంతన లేకపోతే ఒక హెచ్చరిక చూపించడానికి ఎన్ని లైన్ల కోడు కావాలి? కొన్నిసార్లు బిల్లు ఒకచోటికి, సరుకు ఇంకోచోటికి వెళ్ళడం న్యాయమే, కాబట్టి ఆపేయక్కర్లేదు. "ఇది కావాలనే చేస్తున్నారా?" అని ఒక్క మాట అడిగితే చాలు. ఆ ఒక్క ప్రశ్న రాయడానికి బద్ధకించి, ఊరందరి చేతా రివైజ్డ్ పీడీఎఫ్‌లు అడుక్కునేలా చేస్తున్నాం.