గేటు దగ్గర అరుపులు చాలు, కాగితం మీద పెడదాం

గాజులరామారం, దేవేందర్ నగర్, సూరారం, షాపూర్ నగర్ తల్లిదండ్రులకు

మొన్న జరిగింది మీలో చాలామందికి తెలుసు. ఆరో తరగతి పిల్లగాడు. పలాస వైపు నుంచి వచ్చిన కుటుంబం, తండ్రికి జీడిమెట్లలో షిఫ్ట్ డ్యూటీ. పిల్లగాడి మాటలో "ఏటి" దొర్లుతుందని అదే పేరు పెట్టి పిలవడంతో మొదలైంది. తర్వాత టిఫిన్ డబ్బా దాచారు. ఆ తర్వాత బస్సులో వెనక సీటుకు నెట్టి చెవి మెలిపెట్టారు. తండ్రి నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేని కళ్లతో నేరుగా స్కూలు గేటు దగ్గరికి పోయి అరిచాడు, ఒక పిల్లవాడి కాలర్ పట్టుకున్నాడు. ఇగ అంతే. సాయంత్రానికి క్లాసు వాట్సాప్ గ్రూపులో నడిచిందంతా కాలర్ ముచ్చటే. స్కూలు వాళ్లు తండ్రితో క్షమాపణ రాయించుకుని ఫైల్లో పెట్టుకున్నారు. చెవి సంగతి ఏ కాగితం మీదా లేదు.

ఆ తండ్రి కోపాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఆ కోపాన్ని స్కూలు ఎంత తేలిగ్గా వాడుకుందో చూడమంటున్నాం. కేక వేస్తే గొడవ చేసిన తండ్రి కథ అవుతుంది. తేదీ వేసి రాస్తే స్కూలు జవాబు చెప్పాల్సిన కథ అవుతుంది. అందుకే ఈ కరపత్రం అడిగేది ఒక్కటే: పిల్లలను ఏడిపిస్తున్నారని తెలిసిన రోజే క్లాస్ టీచర్‌కు నెమ్మదిగా, ఉన్నది ఉన్నట్టు రాయండి, కలవడానికి సమయం అడగండి. గ్రూపులో వద్దు. టీచర్‌కు మాత్రమే.

ఆ తండ్రి ఇలా రాసి ఉంటే?

"నమస్తే మేడమ్. 6-బిలో చదివే బాబు నాన్నను. 7వ తేదీ సోమవారం లంచ్‌లో డబ్బా కనబడలేదని, తర్వాత బాత్రూమ్ గోడ మీద దొరికిందని మావాడు చెప్పాడు. 10వ తేదీ గురువారం సాయంత్రం బస్సులో ఇద్దరు చెవి మెలిపెట్టారన్నాడు. ఆ రాత్రి ఎడమ చెవి వెనక కమిలి ఉండటం నేను చూశాను, ఫోటో తీశాను. 15వ తేదీ మంగళవారం స్కూలుకు పోనని ఏడ్చాడు. ఆ ఇద్దరి పేర్లు కలిసినప్పుడు చెబుతాను. అంతకుముందు మావాడు ఏమన్నా అన్నాడో లేదో నాకు తెలియదు, మీరు గమనించింది వినాలని ఉంది. శుక్రవారం గానీ శనివారం గానీ మూడు దాటాక అరగంట ఇవ్వగలరా? అప్పటిదాకా బస్సులో మావాణ్ని ముందు సీట్లో, ఆయమ్మ పక్కన కూర్చోబెట్టించండి. పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి అడగొద్దని మనవి."

ఇందులో రౌడీ అన్న మాట లేదు, "ఎప్పుడూ ఇంతే" అన్న మాట లేదు. "రోజూ కొడుతున్నారు" అని రాస్తే "రోజూనా? నిన్న బాగానే ఆడుకున్నారే" అంటారు, అక్కడితో సరి. 10వ తేదీ సాయంత్రం బస్సు అని రాస్తే ఆ ట్రిప్పులో ఎవరున్నారో ఆయమ్మను అడగక తప్పదు. బస్సులో కెమెరా ఉంటే తీసి చూడాలి. ఆ రికార్డు కలకాలం ఉండదు, దాని మీద కొత్తది ఎక్కుతూ పోతుంది, కాబట్టి నెల ఆగి రాస్తే చూడటానికేమీ మిగలదు. పిల్లవాడు చెప్పింది వేరు, మనం కళ్లారా చూసింది వేరు. రెండూ కలిపేస్తే ఒకటి తప్పని తేలినప్పుడు రెండోది కూడా కొట్టుకుపోతుంది. ఇక మూడు తేదీలు ఎందుకంటే, ఒకసారి జరిగితే పిల్లల తగువు. ఎదురు తిరగలేని వాణ్ని పదేపదే పట్టుకుంటే అది వేధింపు. ఈ విషయం మీద జీవితమంతా పని చేసిన డాన్ ఓల్వేయస్ గీసిన గీత కూడా ఇదే. ఎదురెదురుగా నిలబెట్టొద్దని ఎందుకడగాలో, చిన్నప్పుడు స్టాఫ్ రూములో అట్లా నిలబడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు స్కూళ్ల సంగతి. మనం ఎంత మర్యాదగా రాసినా కాగితం తీసుకోరు! "నోటితో చెప్పండి, చూసుకుంటాం" అంటారు. కాపీ మీద సంతకం అడిగితే మొహం మారుతుంది. ఫీజు పది రోజులు ఆలస్యమైతే డైరీలో ఎర్ర సిరాతో రాసి మన సంతకం కోసం పంపే స్కూలుకు, మన కాగితం మీద "అందింది" అని రాయడానికి పెన్ను దొరకదు. ఎందుకో మనకు తెలుసు. అందిందని రాస్తే ఆ రోజు నుంచి తెలియదనడం కుదరదు. వాళ్లు కాపాడుకుంటున్నది ఆ "తెలియదు"నే. ఫ్లెక్సీ మీద ర్యాంకులు వేసుకునే చేతులతోనే ఆ "అందింది" కూడా రాయాలి.

చట్టం వైపు చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు అందాక పట్టించుకోని సంస్థ పెద్దను కూడా ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్కగట్టింది. 2009లో యూజీసీ నిబంధనలు కాలేజీల్లో కమిటీలు పెట్టమన్నాయి. సీబీఎస్ఈ 2015లో తన స్కూళ్లకు వేధింపుల నివారణ కమిటీలు పెట్టమని సర్క్యులర్ పంపింది. మన గల్లీల్లో ఎక్కువ ఉన్నవి స్టేట్ సిలబస్ ప్రైవేటు స్కూళ్లు, వాటికి ఆ సర్క్యులర్ వర్తించదు. సర్కారు బడిలోనైనా విద్యాహక్కు చట్టం ప్రకారం ముప్పాతిక మంది తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీ ఉంటుంది, ఎయిడ్ లేని ప్రైవేటు స్కూలుకు అదీ తప్పనిసరి కాదు. పద్దెనిమిదేళ్లవాడికి బోర్డులు, కమిటీలు. పదకొండేళ్లవాడికి గేటు దగ్గర వాచ్‌మన్! నార్వేలో 1982లో ముగ్గురు పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక దేశమంతా కదిలింది. ఇప్పుడక్కడ హెడ్మాస్టర్‌కు చెప్పి వారమైనా తీరకపోతే ఇంటివాళ్లు నేరుగా ప్రభుత్వాధికారి దగ్గరికి పోవచ్చు. మనం అడిగేది అంత కూడా కాదు: అందిందని ఒక సంతకం, వారంలోపు మీటింగు.

"టీసీ చేతిలో పెడితే?" అని భయపడేవాళ్లున్నారు. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడి నుంచి తీసేయడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. "పిల్లలన్నాక మామూలే" అనేవాళ్లతో మాకు పని లేదు.

మీటింగుకు భార్యాభర్తలిద్దరూ పోతే మంచిది, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవచ్చు. అవతలి పిల్లలకు ఏ శిక్ష వేస్తారని పట్టుబట్టకండి, మనవాడికి రేపటి నుంచి ఏం మారుతుందో అడగండి: బస్సు సీటు, లంచ్‌లో ఎవరు చూస్తారు, మళ్లీ జరిగితే వాడు ఎవరికి చెప్పాలి. అదే సాయంత్రం "ఈ రోజు మనం అనుకున్నవి ఇవి, రెండు వారాల తర్వాత మళ్లీ కలుద్దాం" అని టీచర్‌కు మెసేజ్ పెట్టండి. టీచర్ నుంచి వారంలో జవాబు లేకపోతే అదే కాగితం ప్రిన్సిపాల్‌కు, తర్వాత కుత్బుల్లాపూర్ ఎంఈవోకు, ఆ తర్వాత మేడ్చల్–మల్కాజిగిరి డీఈవోకు. పై ఉత్తరాల్లోనూ మాట పెంచొద్దు, పాత కాపీలు జతచేస్తే చాలు.

ఈ వరస అన్నిటికీ పనికిరాదు. గట్టి దెబ్బ తగిలినా, చచ్చిపోతానని పిల్లలు అన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. చైల్డ్ లైన్ 1098, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416. ఒంటి మీద తప్పుగా చేయి వేసిన సంగతి పోక్సో కిందికి వస్తుంది. అది మీటింగులో తేల్చుకునేది కాదు, తెలిసిన స్కూలు పోలీసులకు చెప్పి తీరాలి.

రేపే మొదలుపెడదాం. రెండు కాపీలు తీసుకుపోండి, రెండో దాని మీద సంతకం, తేదీ, స్కూలు ముద్ర అడగండి. పెట్టబోమంటే గొడవ పడకుండా వెనక్కి వచ్చి అదే కాగితాన్ని ప్రిన్సిపాల్ పేరున స్పీడ్ పోస్టులో పంపించండి. పోస్టాఫీసు రసీదు మీద తేదీ ఉంటుంది, దాన్ని కాపీకి పిన్ను కొట్టి దాచుకోండి.

— కొందరు తల్లిదండ్రులు, గాజులరామారం