అడుగున రంగు లేకపోతే?

ఈ సంచిక రీజనింగ్ శీర్షికలో రంగు ఘనాల లెక్కలు ఇస్తున్నాం. ఆరు ముఖాలకూ రంగు వేసిన ఘనాన్ని ఒక్కో అంచుకు 4 ముక్కలు వచ్చేలా కోస్తే 64 చిన్న ఘనాలు. మూడు ముఖాలకు రంగున్నవి 8 మూలల్లోనే ఉంటాయి. రెండు ముఖాలవి అడిగితే చాలామంది 12 అంచులను 4తో గుణించి 48 అనేస్తారు. అంచుకు రెండు కొసలూ మూలలే కదా! మధ్యలో మిగిలేవి 2, మొత్తం 24. ఒక ముఖానివీ 24. రంగు అంటనివి లోపలి 8.

ఇంతవరకు సూత్రం బట్టీపట్టినా గట్టెక్కొచ్చు. ఘనాన్ని బల్లమీద పెట్టి రంగు వేశారు, అడుగున వేయలేదు అంటే మాత్రం సూత్రం చేతులెత్తేస్తుంది. అడుగు వరుసలోని 16 ముక్కలూ తలా ఒక రంగు ముఖం పోగొట్టుకుంటాయి. మూలల్లోని 4 రెండు ముఖాలవవుతాయి, అంచుల్లోని 8 ఒక ముఖానివవుతాయి, నడిమి 4కు రంగే ఉండదు. వరసగా 4, 20, 28, 12.

కూడితే 64 వచ్చిందని నమ్మేయకండి. ఒక ముక్కను తప్పు గుంపులో వేసినా 64 మారదు. రంగు ముఖాలను కూడండి: 12, 40, 28 కలిస్తే 80. అయిదు ముఖాలకు పదహారేసి చొప్పున రావలసింది అదే.